పదకొండు నిమిషాలైనా పట్టలేదు, 275 అలారాలు: కంట్రోల్ రూమ్‌లో వరద ఎక్కడ మొదలవుతుంది?

1994 జులై 24, ఆదివారం. బ్రిటన్‌లోని వేల్స్ తీరంలో మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర ఉన్న టెక్సకో చమురు శుద్ధి కర్మాగారంపై ఆ ఉదయం ఉరుములు మెరుపులతో వాన విరుచుకుపడింది. పిడుగుపాటుకు ముడిచమురు యూనిట్‌లో మంట లేచింది, కరెంటు తడబడింది, పక్క యూనిట్లు ఒకదాని వెంట ఒకటి గాడి తప్పాయి. మంటను అదుపు చేసి, యూనిట్లను తిరిగి నిలబెట్టే ప్రయత్నం మధ్యాహ్నం దాకా సాగింది. ఒంటిగంట ఇరవై మూడు నిమిషాలకు పెద్ద పేలుడు జరిగింది. అదనపు వాయువులను కాల్చేసే ఫ్లేర్ వ్యవస్థలోని డ్రమ్ము నుంచి బయటికి వెళ్లే పైపు తెగి, ఇరవై టన్నుల దాకా మండే హైడ్రోకార్బన్లు వెలుపలికి వచ్చి అంటుకున్నాయి. 26 మందికి గాయాలయ్యాయి. ఎవరి గాయమూ తీవ్రమైనది కాదు.

పిడుగుకూ పేలుడుకూ మధ్య దాదాపు ఐదు గంటలు గడిచాయి. అంటే పేలుడుకు పిడుగు నేరుగా కారణం కాదు. డీబ్యూటనైజర్ అనే స్వేదన స్తంభం నుంచి ద్రవం బయటికి వెళ్లే వాల్వు మూసుకుని బిగుసుకుపోయింది. కంట్రోల్ రూమ్ తెర మాత్రం అది తెరిచి ఉన్నట్లే చూపించింది. లోపలికి ద్రవం వస్తూనే ఉంది, బయటికి దారి లేదు. చివరికి అది పొంగి ఫ్లేర్ వ్యవస్థలోకి చేరి, అక్కడి డ్రమ్మును నింపేసింది.

ఇదంతా తెలియజెప్పే సంకేతాలు తెర మీదే ఉన్నాయి. పేలుడుకు ముందు 10.7 నిమిషాల్లో అక్కడున్న ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయని బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ దర్యాప్తులో తేలింది. సగటున రెండు సెకన్ల మీద కొంచెంకు ఒకటి. ఫ్లేర్ డ్రమ్ములో ద్రవం ఎక్కువైందన్న అలారం కూడా ఆ గుంపులో కలిసిపోయింది. మొత్తం 2,040 అలారాల్లో 87 శాతానికి ‘అత్యధిక ప్రాధాన్యం’ అన్న ముద్ర ఉంది. అలారం నిర్వహణ ఒక ప్రత్యేక విద్యగా నిలబడడానికి ఈ దర్యాప్తు పెద్ద కారణం.

## ఏది అలారం, ఏది కాదు

శుద్ధి కర్మాగారం, విద్యుత్ కేంద్రం, ఎరువుల ఫ్యాక్టరీ, మందుల తయారీ యూనిట్, వేటిలోనైనా కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ప్యానెల్ ఆపరేటర్ ముందు డీసీఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ తెరలు ఉంటాయి. ప్లాంటులోని ఉష్ణోగ్రత, పీడనం, ప్రవాహం, ద్రవమట్టం కొలతలు వేల సంఖ్యలో అక్కడికి చేరతాయి. ప్రతి కొలతకూ ఒక హద్దు పెట్టవచ్చు. కొలత ఆ హద్దు దాటగానే శబ్దం వస్తుంది, తెర మీద ఒక వరుస మెరుస్తుంది. ఆపరేటర్ బటన్ నొక్కి ‘చూశాను’ అని ఒప్పుకునేదాకా ఆ మెరుపు ఆగదు. ఈ ఒప్పుకోవడాన్నే అక్నాలెడ్జ్ చేయడం అంటారు.

అయితే మోగిన ప్రతిదీ అలారం కాదు. ఈ రంగంలో అందరూ ఆధారపడే ప్రమాణాలు మూడున్నాయి: 1999లో వచ్చిన ఈఈఎంయూఏ 191 మార్గదర్శిని, 2009 నాటి ఐఎస్ఏ-18.2, 2014 నాటి ఐఈసీ 62682. మూడింటి సారం ఒక్కటే. ఏదో తేడా జరిగిందని ఆపరేటర్‌కు చెప్పి, అతను సకాలంలో ఒక పని చేయాల్సిన అవసరం తెచ్చేదే అలారం. పని లేకపోతే అది అలారం కాదు, సమాచారం. సమాచారాన్ని చిట్టాలో రాసి పెట్టవచ్చు, తెర మీద ఒక మూల చూపవచ్చు. దానికోసం గంట కొట్టకూడదు.

వినడానికి చిన్న మాటే అయినా, ఒక పాత ప్లాంటులో అలారాల జాబితా ముందు పెట్టుకుని ‘ఇది మోగితే మీరు ఏం చేస్తారు?’ అని ఆపరేటర్‌ను ఒక్కొక్కదాని గురించీ అడుగుతూ పోతే, ‘ఏమీ చేయను, అక్నాలెడ్జ్ చేస్తాను’ అన్న జవాబు పదేపదే వినిపిస్తుంది. అది ఆపరేటర్ నిర్లక్ష్యం కాదు. చేయడానికి ఏమీ లేని చోట ఎవరో గంట బిగించారు.

## సగటు దాచిపెట్టే వరద

ఒక ఆపరేటర్‌కు రోజుకు సుమారు 150 అలారాలు వస్తే పరిస్థితి బాగున్నట్లే, 300 దాటితే చేయిదాటుతున్నట్లే అని ప్రమాణాలు చెబుతాయి. పది నిమిషాలకు ఒకటి హాయిగా ఉండే వేగం, రెండు గరిష్ఠం. పది నిమిషాల్లో పది, అంతకు మించి వస్తే దాన్ని అలారాల వరద అంటారు. వేగం పది నిమిషాలకు ఐదు కంటే తగ్గినప్పుడు వరద తీసినట్లు లెక్క.

పది అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? అలారం వచ్చాక ఆపరేటర్ దాన్ని చదవాలి, ఎందుకు వచ్చిందో ఇతర కొలతలతో పోల్చుకోవాలి, ఏం చేయాలో నిర్ణయించాలి, చేయాలి, ఫలితం వచ్చిందో లేదో చూడాలి. ఒక్కో అలారానికి ఒక నిమిషం చాలా తక్కువ. పదో అలారం వచ్చేసరికి ఆపరేటర్ ఆలోచించడం మానేసి బటన్ నొక్కడం మొదలుపెడతాడు.

ఇక్కడే నెలవారీ నివేదికలు తరచుగా తప్పుదారి పట్టిస్తాయి. ఒక ఆపరేటర్‌కు ఒక రోజులో 144 అలారాలు వచ్చాయనుకుందాం. గంటకు సగటు ఆరు, పది నిమిషాలకు ఒకటి. నివేదికలో ఆకుపచ్చ గుర్తు పడుతుంది. కానీ ఆ 144లో నూరు ఒకే పది నిమిషాల్లో, ప్లాంటు తడబడినప్పుడు వచ్చి ఉంటే? ఆపరేటర్‌కు అలారాల సహాయం నిజంగా కావలసిన ఆ పది నిమిషాల్లోనే అలారం వ్యవస్థ పనికిరాకుండా పోయింది. సగటు ఆ సంగతి చెప్పదు. అందుకే రోజు మొత్తం లెక్కతో పాటు, అత్యంత చెడ్డ పది నిమిషాల్లో ఎన్ని వచ్చాయి, నెలలో ఎంత శాతం సమయం వరదలో గడిచింది అన్నవి విడిగా చూడాలి. వరదలో గడిచిన సమయం ఒక శాతం లోపు ఉండాలన్నది ప్రమాణాల లక్ష్యం.

## గంటలు ఇన్నెందుకయ్యాయి

పాతకాలపు కంట్రోల్ ప్యానెళ్లలో ఒక అలారం కావాలంటే తీగ లాగాలి, గోడ మీద దీపం బిగించాలి, దాని మీద పేరు చెక్కించాలి. ఖర్చయ్యేది, చోటు పట్టేది. అందువల్ల అది నిజంగా కావాలా అని ఎవరో ఒకరు అడిగేవారు. డీసీఎస్ వచ్చాక ఆ అడ్డు పోయింది. ప్రతి కొలతకూ అతి తక్కువ, తక్కువ, ఎక్కువ, అతి ఎక్కువ, లక్ష్యానికి దూరం, కొలత చెడింది అనే అలారాలన్నీ సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా వస్తాయి. ఒక టిక్ పెడితే చాలు. ప్లాంటు కట్టే గుత్తేదారుకు గడువు దగ్గరపడుతుంది. టిక్ తీసేయాలంటే కారణం చూపాలి, ఉంచేయాలంటే ఏ కారణమూ అక్కర్లేదు. తర్వాత ప్రతి ప్రమాద సమీక్ష, ప్రతి చిన్న సంఘటన మరికొన్ని కలుపుతాయి. తీసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇది గంటల సంఖ్య పెరగడం గురించి. అవన్నీ ఒకేసారి ఎందుకు మోగుతాయన్నది వేరే ప్రశ్న. దానికి కారణాలు మూడు.

మొదటిది వణుకు. ఒక ట్యాంకు మట్టం అలారం 80 శాతం దగ్గర పెట్టారనుకుందాం. పైనుంచి పడే ద్రవం వల్ల ఉపరితలం ఊగుతూ కొలత 79.8, 80.1, 79.9, 80.2 అని ఆడుతుంది. అలారం వస్తుంది, పోతుంది, వస్తుంది. నిమిషంలో మూడుసార్లు అలా జరిగితే దాన్ని చాటరింగ్ అంటారు. ఒక్క కొలతే ఒక షిఫ్టులో వందల వరుసలు రాయగలదు. దీనికి మందు సులువే. వచ్చిన అలారం 80 కింద పడగానే పోకుండా, 75కు దిగాకే పోయేట్టు డెడ్‌బ్యాండ్ పెట్టాలి. మట్టానికీ ప్రవాహానికీ కొలత పరిధిలో 5 శాతం, పీడనానికి 2, ఉష్ణోగ్రతకు 1 శాతం అన్నవి మొదలుపెట్టడానికి వాడే అంకెలు. చాలా ప్లాంట్లలో అత్యధికంగా మోగే తొలి పది అలారాలను సరిచేస్తేనే మొత్తం సంఖ్య గణనీయంగా పడిపోతుంది.

రెండోది, ప్లాంటు ఏ స్థితిలో ఉందో అలారానికి తెలియకపోవడం. హద్దులన్నీ ప్లాంటు మామూలుగా నడుస్తున్నప్పటి లెక్కతో పెడతారు. పంపు ఆపి మరమ్మతు చేస్తుంటే ప్రవాహం తక్కువ అని మోగుతూనే ఉంటుంది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీలో బీపీ శుద్ధి కర్మాగారం పేలి 15 మంది చనిపోయిన ఘటనలో, స్తంభం నింపేటప్పుడు తెల్లవారుజామున వచ్చిన ఎక్కువ-మట్టం అలారాన్ని అక్నాలెడ్జ్ చేశారు. అది అలాగే నిలిచిపోయింది. ప్రారంభించేటప్పుడు ఆ హద్దు దాటి నింపడం అక్కడ అలవాటైపోయింది కాబట్టి ఆ అలారానికి అర్థం మిగల్లేదు. దాని పైన మోగాల్సిన రెండో అలారం అసలు మోగనే లేదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. ఒకే సంఘటన ప్లాంటులో పది చోట్ల కనిపిస్తుంది, పది చోట్లా గంట ఉంటుంది. దీన్ని దగ్గర నుంచి చూడాలి.

## ఒక్క పంపు ఆగితే

ఒక స్వేదన స్తంభం ఊహించుకుందాం. పైనుంచి వచ్చే ఆవిరి చల్లబడి ద్రవమై ఒక డ్రమ్ములో చేరుతుంది. అక్కడి నుంచి ఒక పంపు కొంత ద్రవాన్ని తిరిగి స్తంభం పైకి పంపుతుంది. దాన్ని రిఫ్లక్స్ అంటారు. ఆ పంపు మోటారు ఉన్నట్టుండి ట్రిప్ అయింది. తెర మీద కనిపించేది ఇది:

```
10:14:02  P-201A   TRIP
10:14:03  PAL-201  PRESS LOW
10:14:04  FAL-201  FLOW LOW
10:14:10  FIC-201  DEV HIGH
10:14:31  FIC-201  OUT HIGH
10:15:40  TAH-205  TEMP HIGH
10:17:30  PAH-206  PRESS HIGH
10:19:02  LAH-202  LEVEL HIGH
```

జరిగింది ఒకటే, గంటలు ఎనిమిది. పంపు ఆగింది కాబట్టి దాని పీడనం పడింది, ప్రవాహం పడింది, కంట్రోలర్ లక్ష్యానికి దూరమైంది, దూరమైందని వాల్వును పూర్తిగా తెరిచింది. ఈ నాలుగూ మొదటి వరుసకు ప్రతిధ్వనులు. చివరి మూడు మాత్రం అసలైన పర్యవసానాలు. స్తంభం పైభాగం వేడెక్కింది, పీడనం పెరిగింది, డ్రమ్ము నిండుతోంది.

ఒక్క పంపే అయితే అనుభవమున్న ఆపరేటర్ నిమిషంలో గ్రహిస్తాడు. కానీ పిడుగు పడి ఒక్క సెకను వోల్టేజీ పడిపోయి, ఇరవై పంపులు ఒకేసారి ట్రిప్ అయితే? ఇరవైని ఎనిమిదితో గుణిస్తే 160. వచ్చే ఐదు నిమిషాల్లో అవన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, సమయం వరుసలో, ఏది దేనికి ప్రతిధ్వనో తెలియకుండా తెర మీద కిందికి జారిపోతుంటాయి. వాటిలో నిజంగా వేరే సమస్య ఒకటి, ఎక్కడో ఒక వాల్వు బిగుసుకున్నది, ఉందనుకోండి. మిల్‌ఫర్డ్ హేవెన్‌లో ఆపరేటర్లు ఎదుర్కొన్న పరిస్థితి ఈ తరహాదే.

## బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కటీ తేల్చడం

ఈ జాబితాను సరిచేసే పనిని అలారం ర్యాషనలైజేషన్ అంటారు. ప్యానెల్ ఆపరేటర్, ప్రాసెస్ ఇంజనీరు, ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీరు, అవసరమైతే భద్రతా విభాగం మనిషి ఒక గదిలో కూర్చుంటారు. ముందుగా కంపెనీ తన నియమాలు రాసుకుని ఉండాలి: ప్రాధాన్యాలు ఎన్ని, వాటిని ఏ పట్టికతో తేల్చాలి, మార్పుకు ఎవరు సంతకం చేయాలి. దాన్ని అలారం ఫిలాసఫీ అంటారు. ఆ నియమాలు లేకుండా కూర్చుంటే ప్రతి అలారం దగ్గరా వాదన మొదటికొస్తుంది. ప్రతి అలారానికీ అడిగే ప్రశ్నలు ఇవే: దీనికి కారణం ఏమిటి? పట్టించుకోకపోతే ఏమవుతుంది? ఆపరేటర్ ఏం చేయాలి? చేయడానికి ఎంత సమయం ఉంది? జవాబులన్నీ ఒక మాస్టర్ డేటాబేస్‌లో రాసి పెడతారు.

మన ఎనిమిదింటినే తీసుకుందాం. పంపు పీడనం తక్కువైతే చేయాల్సిన పని ‘పంపు చూడు, రెండోది మొదలుపెట్టు’. పంపు ట్రిప్‌కూ పని అదే. ఒకే పనికి రెండు గంటలు అక్కర్లేదు కాబట్టి పీడనం అలారం తీసేస్తారు. కంట్రోలర్ దూరం, వాల్వు పూర్తిగా తెరుచుకోవడం అన్న రెంటికీ విడిగా చేసే పనేమీ లేదు, అవీ పోతాయి. ప్రవాహం తక్కువ అన్నది మాత్రం ఉండాలి. ఎందుకంటే పంపు తిరుగుతూనే వాల్వు ఇరుక్కుంటే ఆ సంగతి చెప్పేది అదొక్కటే. కానీ పంపు ట్రిప్ అయినప్పుడు అది దానంతట అదే మూగబోయేలా లాజిక్ రాస్తారు, పదిహేను సెకన్ల ఆలస్యం పెడతారు. ఉష్ణోగ్రత అలారం సరుకు నాణ్యత చెడుతుందని చెబుతుంది. ఉంచుతారు, కింది ప్రాధాన్యంతో. పీడనం పెరుగుదలా, డ్రమ్ము మట్టమూ ఉండాల్సిందే.

డ్రమ్ము మట్టం దగ్గర కాస్త లెక్క చేయాలి. డ్రమ్ము పరిమాణం 20 ఘనమీటర్లు, మామూలుగా సగం నిండి ఉంటుంది. రిఫ్లక్స్ ఆగితే నిమిషానికి సుమారు ఒక ఘనమీటరు చేరుతుంది. అలారం 75 శాతం దగ్గర ఉంది. అక్కడి నుంచి పూర్తిగా నిండడానికి ఐదు ఘనమీటర్లు, అంటే ఐదు నిమిషాలు. ఇప్పుడు ఆపరేటర్‌ను అడగాలి: రెండో పంపు మొదలుపెట్టడానికి ఎంతసేపు పడుతుంది? వాకీటాకీలో ఫీల్డ్ ఆపరేటర్‌ను పిలవాలి, అతను నడిచి వెళ్లడానికి మూడు నిమిషాలు, వాల్వులు తెరిచి పంపు నడపడానికి ఇంకో మూడు. మొత్తం ఆరు. అంటే ఈ అలారం ఆలస్యంగా వస్తోంది. దాన్ని నమ్ముకున్న ఆపరేటర్ ఎంత చురుగ్గా కదిలినా డ్రమ్ము నిండి, ద్రవం ఫ్లేర్ పైపులోకి పోతుంది. హద్దు 65 శాతానికి తెస్తే ఏడు నిమిషాలు దొరుకుతాయి. మిగులు ఒక్క నిమిషమే, అయినా సాధ్యమైన పని. ఎప్పుడో ఎవరో ‘ముప్పావు భాగం’ అని వేసిన అంకెకు ఇప్పుడు ఒక కారణం వచ్చింది. ఈ లెక్క ర్యాషనలైజేషన్ మొత్తానికి ఆయువుపట్టు.

ప్రాధాన్యం ఇక్కడి నుంచే తేలుతుంది. పట్టికలో ఒక వైపు పర్యవసానం ఎంత తీవ్రమో ఉంటుంది, మరో వైపు ఎంత సమయం ఉందో. చాలా కంపెనీల పట్టికల్లో సమయం గడులు మూడు నిమిషాల లోపు, మూడు నుంచి పది, పది నుంచి ముప్పై అని ఉంటాయి. డ్రమ్ము నిండడం తీవ్రమైనది, సమయం ఏడు నిమిషాలు కాబట్టి అత్యధిక ప్రాధాన్యం. పంపు ట్రిప్‌కు పర్యవసానం అదే అయినా పది నిమిషాల సమయం ఉంది. అందుకని మధ్యస్థం. ట్రిప్ దగ్గర సమస్య తీరకపోతే సమయం కరిగిపోతుంది, అప్పుడు పై ప్రాధాన్యపు గంట మోగుతుంది.

ఇందులో చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. ప్రాధాన్యం అంటే ప్రమాదపు స్థాయి కాదు, ముందు ఏది చేయాలన్న వరుస. ఒక కంప్రెసర్ కంపనం ఎక్కువై దానంతట అదే ఆగిపోయిందంటే ఘటన పెద్దదే. కానీ యంత్రం ఇప్పటికే సురక్షితంగా ఆగింది, ఆ క్షణంలో ఆపరేటర్ కాపాడగలిగింది తక్కువ. దానికి ముందు వచ్చే ‘కంపనం పెరుగుతోంది’ అన్న అలారానికే ఎక్కువ ప్రాధాన్యం దక్కాలి, ఎందుకంటే అక్కడ ఇంకా చేయగలిగింది ఉంది. అలాగే ఆపరేటర్ స్పందనకు సరిపడా సమయమే లేని చోట, ఎంత ఎర్రటి అలారం పెట్టినా అది ఉపయోగపడదు. అక్కడ కావలసింది యంత్రాన్ని దానంతట అదే ఆపే ఇంటర్‌లాక్.

అంతా తేల్చాక అలారాల్లో 80 శాతం కింది ప్రాధాన్యంలో, 15 మధ్యలో, 5 పైన ఉండడం ఆరోగ్యకరమని ప్రమాణాలు సూచిస్తాయి. 87 శాతం ‘అత్యధికం’ అయిన చోట ఆ ముద్రకు విలువ లేదని దీంతో పోలిస్తే అర్థమవుతుంది. అయితే కొందరు దీన్ని కోటాలా తీసుకుని, శాతం కుదిరేదాకా అలారాలను కిందికి దించుతారు. అది తప్పు పద్ధతి. శాతం కుదరకపోతే పట్టికలోని గడుల నిర్వచనాలను మళ్లీ చూడాలి.

## తీసేసిన అలారమే రేపు కావలసివస్తే?

ఈ గదిలో జరిగే వాదన న్యాయమైనదే, రెండు వైపులా బలముంది. భద్రతా విభాగం వారు అంటారు: ప్రతి అలారం వెనుక ఒక ప్రమాద సమీక్ష ఉంది, కొన్ని చోట్ల ఒక ప్రమాదం జరిగే అవకాశాన్ని పదింతలు తగ్గించే రక్షణ పొరగా ఆ అలారాన్నే లెక్కలో చూపించాం. దాన్ని తీసేస్తే కాగితం మీద భద్రత కూలిపోతుంది, రేపు ప్రమాదం జరిగితే ‘అలారం ఎందుకు తీశారు?’ అని అడుగుతారు. ఆపరేటర్లు అంటారు: మీరు కాగితం మీద లెక్కించిన ఆ పొర నేనే. 160 అలారాల మధ్య దాన్ని నేను చూడలేకపోతే ఆ పదింతల రక్షణ ఎప్పుడూ లేనట్లే.

నా దృష్టిలో ఆపరేటర్ల మాటే అసలు విషయానికి దగ్గర. రక్షణ పొరగా లెక్కించిన అలారం అయితే దానికి ప్రత్యేక గుర్తింపు ఉండాలి, క్రమం తప్పక పరీక్షించాలి, వరదలోనూ విడిగా కనిపించే చోటు ఇవ్వాలి. అవేవీ చేయకుండా జాబితాలో ఉందని సంతృప్తి పడడం కుదరదు. కానీ భద్రతా విభాగం భయంలోనూ ఒక నిజం ఉంది. ర్యాషనలైజేషన్‌ను ‘అలారాలు 40 శాతం తగ్గించాం’ అని చూపించుకునే పోటీగా మార్చితే కావలసినవి పోతాయి. తీసేసే ప్రతి నిర్ణయానికీ కారణం రాసి ఉండాలి. లేని వాటి గురించీ అదే గదిలో అడగాలి. 2020 మే 7న విశాఖపట్నం వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ ట్యాంకు నుంచి విషవాయువు వెలువడి ప్రాణాలు పోయిన దుర్ఘటనలో, ఆ ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచారు. పైపొరలు వేడెక్కుతుంటే చెప్పే కొలత లేదు, కాబట్టి అలారమూ లేదు. అది వరద సమస్య కాదు, ఉండాల్సిన అలారం లేకపోవడం. సక్రమంగా చేసిన ర్యాషనలైజేషన్ రెంటినీ పట్టుకోవాలి.

మరో వాదన, ఆపరేటర్ల సంఖ్య పెంచితే సరిపోదా అన్నది. కొన్ని ప్లాంట్లలో ఒక్క మనిషి మీద నిజంగానే మోయలేనంత ప్లాంటు ఉంటుంది, అక్కడ పెంచాల్సిందే. కానీ ఇద్దరి మధ్య 160 పంచితే ఒక్కొక్కరికి 80, అదీ వరదే. పైగా నీ అలారం ఏది, నా అలారం ఏది అన్న కొత్త చిక్కు మొదలవుతుంది.

## అన్నీ తేల్చాక కూడా వరద ఎందుకు వస్తుంది

చాలా కంపెనీలు నెలల తరబడి ఈ కసరత్తు చేసి, రోజువారీ సంఖ్య బాగా తగ్గిందని సంతోషించి, తర్వాతి కరెంటు కోత రోజున మళ్లీ మునిగిపోతాయి. కారణం మన ఉదాహరణలోనే ఉంది. ఎనిమిది అలారాలు ఇప్పుడు నాలుగయ్యాయి: ట్రిప్, ఉష్ణోగ్రత, పీడనం, మట్టం. నాలుగూ విడివిడిగా న్యాయమైనవే. కానీ ఇరవై పంపులు ఒకేసారి ఆగితే నాలుగు ఇరవైలు 80. ఐదు నిమిషాల్లో 80 అంటే అది ఇప్పటికీ వరదే.

ఒక్కో అలారాన్ని విడిగా పరీక్షించే పద్ధతి, అవి ఒక్కొక్కటిగా వస్తాయన్న ఊహ మీద నడుస్తుంది. వరద ఆ ఊహను బద్దలు కొడుతుంది. అందుకే రెండో దశ కావాలి. అందులో ప్రశ్న ‘ఈ అలారం’ గురించి కాదు, ‘ఈ సంఘటన’ గురించి. గత రెండు మూడేళ్ల వరదల చిట్టాలు తీసి, ఏ సంఘటనలు మళ్లీ మళ్లీ వరద తెచ్చాయో చూస్తారు. సాధారణంగా కరెంటు పోవడం, ఆవిరి తగ్గడం, ఒక పెద్ద కంప్రెసర్ ఆగడం లాంటి కొన్నే ఉంటాయి. ఒక్కోదానికీ లాజిక్ రాస్తారు. వోల్టేజీ పడితే ఇరవై ట్రిప్ అలారాల బదులు ‘ఫలానా విద్యుత్ సరఫరా లైను వోల్టేజీ పడింది’ అన్న ఒకే వరుస వస్తుంది, కింద ఏ పంపులు ఆగాయో జాబితా ఉంటుంది. ఉష్ణోగ్రత లాంటి నాణ్యత అలారాలు ఆ అరగంట మూగబోతాయి. పీడనం, మట్టం మాత్రం మోగుతూనే ఉంటాయి. దీంతో పాటు వోల్టేజీ రెండు మూడు సెకన్లలో తిరిగొస్తే ముఖ్యమైన పంపులు వాటంతట అవే ఒక క్రమంలో మొదలయ్యే ఏర్పాటు చేస్తే, గంటలకే కాదు, ఆపరేటర్ పనికీ భారం తగ్గుతుంది.

ఈ మూగ లాజిక్ అంటే భయపడేవారున్నారు, ఆ భయం ఊరికే పుట్టలేదు. లాజిక్ తప్పుగా రాస్తే, లేదా పంపు నడుస్తున్నా ఆగిందని ఒక చెడ్డ సంకేతం చెబితే, కావలసిన అలారం నోరు నొక్కినట్లవుతుంది. అందుకే అనుభవమున్నవారు కొన్ని కట్టుబాట్లు పాటిస్తారు. ఒకే సంకేతాన్ని నమ్మి దేన్నీ మూయకూడదు, మోటారు ఆగిందనీ ప్రవాహం లేదనీ రెండూ చెప్పాలి. రక్షణ పొరగా లెక్కించిన అలారాన్ని అసలు ముట్టకూడదు. ఏమేం మూగబోయి ఉన్నాయో ఆపరేటర్ ఒక్క నొక్కుతో చూడగలగాలి. ప్లాంటు మామూలు స్థితికి రాగానే మూత దానంతట అదే విడిపోవాలి.

ఆపరేటర్ తానే ఒక అలారాన్ని కాసేపు పక్కన పెట్టే వీలు కూడా డీసీఎస్‌లలో ఉంటుంది, దాన్ని షెల్వింగ్ అంటారు. కొలతను పంపే ట్రాన్స్‌మిటర్ చెడిపోయి దాని అలారం రాత్రంతా అరుస్తుంటే అది అవసరమే. షెల్వింగ్‌కు గడువు తప్పనిసరి, సాధారణంగా ఒక షిఫ్టు. గడువు లేని చోట ఏం జరుగుతుందో తెలుసుకోవడం కష్టం కాదు. డీసీఎస్‌లోని ప్రస్తుత హద్దులనూ మూతలనూ మాస్టర్ డేటాబేస్‌తో కంప్యూటర్ చేత పోల్చిస్తే, ర్యాషనలైజేషన్ జరిగిన కొన్నేళ్లకే తేడాల జాబితా వస్తుంది. ఒక రాత్రి 65 నుంచి 85కు జరిపిన డ్రమ్ము హద్దు తిరిగి రాలేదు. ట్రాన్స్‌మిటర్ బాగుచేసి ఎనిమిది నెలలైనా దాని అలారం ఇంకా పక్కనే ఉంది. ఈ పోలికను కొన్ని కంట్రోల్ రూములు ప్రతి షిఫ్టు మారేటప్పుడు చేస్తాయి. దిగిపోయే ఆపరేటర్ తేడాల కాగితం మీద సంతకం పెట్టి, ఎక్కే ఆపరేటర్‌కు ఒక్కొక్కటీ చెప్పి అప్పగిస్తాడు.